బీమా ఏజెంటు పరీక్ష: అర్హత, శిక్షణ, నియామకం తరువాతి బాధ్యతలు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- బీమా ఏజెంటును ఎవరు నియమిస్తారో, పాత లైసెన్సు పద్ధతి ఎలా మారిందో వివరించగలుగుతారు;
- ఏజెంటు కావడానికి కావలసిన అర్హతలను, శిక్షణను, పరీక్ష విధానాన్ని తెలుపగలుగుతారు;
- పరీక్షలో అడిగే సూత్రాలకూ పాలసీదారు కుటుంబానికి అందే డబ్బుకూ గల సంబంధాన్ని ఉదాహరణతో చూపగలుగుతారు;
- నియామకం తరువాత ఏజెంటు పాటించవలసిన నియమాలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

జీవిత బీమా ఏజెంటు కావాలంటే రాయవలసిన పరీక్షలో 50 ప్రశ్నలుంటాయి. గంటలో పూర్తి చేయాలి. 35 శాతం మార్కులు వస్తే ఉత్తీర్ణులే. అంటే 18 ప్రశ్నలకు సరైన జవాబు గుర్తిస్తే చాలు. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. డిగ్రీ చదువుతున్న మీకు ఇది పెద్ద అడ్డంకి కాదు.

అయితే ఈ పరీక్షలో తప్పిన ప్రశ్నకు, ఏజెంటుగా చేసే తప్పుకు చాలా తేడా ఉంది. పరీక్షలో ఒక ప్రశ్న తప్పితే పోయేది ఒక మార్కు. అదే విషయాన్ని పాలసీ రాయించేటప్పుడు పట్టించుకోకపోతే ఒక కుటుంబానికి రావలసిన లక్షల రూపాయలు రాకుండా పోవచ్చు. ఆ నష్టం కూడా వెంటనే కనిపించదు, పాలసీదారు మరణించిన తరువాత బయటపడుతుంది. అందుచేత ఈ పాఠంలో పరీక్ష నియమాలతో పాటు, ఆ నియమాల వెనుక ఉన్న కారణాలను కూడా చూద్దాం. ఉదాహరణలన్నీ జీవిత బీమాకు సంబంధించినవే.

2. లైసెన్సు నుంచి నియామకానికి

మన దేశంలో బీమా వ్యాపారానికి మూల చట్టం 1938 నాటి బీమా చట్టం. ఏజెంట్లకు సంబంధించిన నిబంధన అందులోని 42వ సెక్షను. ఈ రంగాన్ని పర్యవేక్షించే సంస్థ భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ. వాడుకలో దీన్ని ఐ.ఆర్.డి.ఎ.ఐ. అంటారు. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే, నానక్‌రామ్‌గూడలో ఉంది.

పూర్వం ఏజెంటుకు ప్రాధికార సంస్థ పేరున లైసెన్సు ఇచ్చేవారు. దాని కాలపరిమితి మూడు సంవత్సరాలు. గడువు తీరేలోగా మళ్ళీ 25 గంటల శిక్షణ పొంది లైసెన్సు పునరుద్ధరించుకోవలసి వచ్చేది. 2015లో చట్టాన్ని సవరించాక ఈ పద్ధతి మారింది. ఇప్పుడు ఏజెంటును బీమా సంస్థే నియమిస్తుంది, నియామక పత్రం కూడా ఆ సంస్థే ఇస్తుంది. ఎవరిని నియమించవచ్చు, ఎలా నియమించాలి, ఎప్పుడు తొలగించాలి అన్న నియమాలను మాత్రం ప్రాధికార సంస్థ నిర్దేశిస్తుంది. ఆ నియమాలు 2016 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి.

వాడుకలో ఇప్పటికీ చాలామంది "ఏజెంటు లైసెన్సు" అనే అంటారు. మాట పాతదే అయినా దాని వెనుక బాధ్యత మారిందని గమనించండి. ఏజెంటు చేసిన పనులకు, చేయక వదిలేసిన పనులకు కూడా అతన్ని నియమించిన సంస్థే బాధ్యత వహించాలి. ఏజెంటు ప్రవర్తనా నియమావళిని ఉల్లంఘిస్తే సంస్థకు కోటి రూపాయల వరకు జరిమానా పడవచ్చు. నియామకం లేకుండా ఏజెంటుగా పనిచేసే వ్యక్తికి పదివేల రూపాయల వరకు జరిమానా ఉంటుంది. కనుక "ముందు నాలుగు పాలసీలు తీసుకురా, కాగితాలు తరువాత చూద్దాం" అని ఎవరైనా అంటే ఆ మాట చట్టవిరుద్ధమని గుర్తించండి.

3. అర్హతలు, అనర్హతలు

అభ్యర్థికి 18 సంవత్సరాలు నిండాలి. కనీస విద్యార్హతగా పదో తరగతి ఉత్తీర్ణతను అడుగుతారు. అభ్యర్థికి పాన్ కార్డు ఉండాలి. పాన్ కార్డు కేవలం ఆదాయపు పన్ను కోసం అనుకోవద్దు. దేశంలోని ఏజెంట్లందరి వివరాలు, నిషేధిత జాబితాలో ఉన్నవారి వివరాలు ఒకేచోట ఉంటాయి. మీరు దరఖాస్తు చేయగానే సంస్థ అధికారి మీ పాన్ సంఖ్యతో ఆ జాబితాలను పరిశీలిస్తారు. అదే తరహా బీమాలో మీరు ఇప్పటికే మరో సంస్థకు ఏజెంటుగా ఉంటే అక్కడే తెలిసిపోతుంది.

చట్టం కొందరిని అనర్హులుగా ప్రకటించింది. మైనర్లు, మానసిక స్థిమితం లేనివారని న్యాయస్థానం నిర్ధారించినవారు ఏజెంట్లు కాలేరు. నిధుల దుర్వినియోగం, నమ్మకద్రోహం, మోసం, ఫోర్జరీ వంటి నేరాలకు శిక్ష పడినవారికి శిక్షాకాలం ముగిసి ఐదేళ్ళు గడిచేదాకా అర్హత ఉండదు. ఈ నేరాలన్నింటిలో ఉన్న సామాన్య లక్షణం ఏమిటో ఆలోచించండి. ఇతరుల డబ్బును, ఇతరుల సంతకాన్ని నమ్మకంగా చూడలేకపోవడమే అది. ఏజెంటు చేతికి నిత్యం వచ్చేవి ఆ రెండే.

ఒక వ్యక్తి జీవిత బీమాలో ఒక సంస్థకు, సాధారణ బీమాలో ఒక సంస్థకు, ఆరోగ్య బీమాలో ఒక సంస్థకు ఏజెంటుగా ఉండవచ్చు. ఒకే తరహాలో రెండు సంస్థలకు ఉండకూడదు. ఇలా ఒకటి కంటే ఎక్కువ తరహాల్లో పనిచేసేవారిని సంయుక్త ఏజెంటు అంటారు. ప్రతి తరహాకూ సంబంధించిన పరీక్షలో ఉత్తీర్ణత ఉండాలి.

4. శిక్షణ

పరీక్షకు ముందు శిక్షణ పొందాలి. 2000 సంవత్సరపు నిబంధనల్లో జీవిత బీమా అభ్యర్థికి 100 గంటల శిక్షణ ఉండేది. దాన్ని తరువాత 50 గంటలకు తగ్గించారు. ప్రస్తుతం ఎల్.ఐ.సి. తన అభ్యర్థులకు 25 గంటల శిక్షణ ఇస్తున్నది. ఈ తగ్గింపు వల్ల అభ్యర్థికి కాలం కలిసివస్తుంది. కాని తరగతిలో చెప్పని భాగాన్ని స్వయంగా చదువుకోవలసిన బాధ్యత పెరుగుతుంది. దూరవిద్యలో చదువుతున్న మీకు ఈ పద్ధతి కొత్త కాదు.

పరీక్షకు ఆధారం "ఐ.సి. 38" అనే పాఠ్యపుస్తకం. దీన్ని ముంబయిలోని భారత బీమా సంస్థాన్ (ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా) రూపొందించింది. పరీక్షను నిర్వహించేది కూడా ఆ సంస్థే. పుస్తకంలో బీమా మూల సూత్రాలను, ఏజెంటు విధులను చెప్పే సామాన్య భాగం ఒకటి, ఎంచుకున్న తరహాకు సంబంధించిన ప్రత్యేక భాగం మరొకటి ఉంటాయి. పరీక్షను తెలుగులో కూడా రాయవచ్చు. తెలుగు మాధ్యమం ఎంచుకునేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. రేపు మీరు నింపే పత్రాల్లో, కంప్యూటరు తెరపై ఇంగ్లీషు మాటలే ఎక్కువగా ఎదురవుతాయి. ప్రపోజల్, నామినీ, అసైన్‌మెంట్, సరెండర్, ల్యాప్స్ వంటి పదాలను తెలుగు అర్థంతో జతచేసి నేర్చుకోండి.

5. పరీక్షలో ఏమి అడుగుతారు?

ప్రశ్నలన్నీ బహుళైచ్ఛికాలే. పరీక్ష కంప్యూటరుపై జరుగుతుంది. నిర్వచనాలు బట్టీపట్టి 18 మార్కులు తెచ్చుకోవచ్చు. కాని సూత్రాన్ని ఒక సంఘటనకు అన్వయించే ప్రశ్న వచ్చినప్పుడు బట్టీ పనికిరాదు. రెండు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది బీమా చేయదగిన ఆసక్తి. ఒక వ్యక్తి బతికి ఉండడం వల్ల మనకు ఆర్థిక ప్రయోజనం ఉండి, అతడు మరణిస్తే మనకు ఆర్థిక నష్టం కలిగితే, అతని ప్రాణంపై మనకు బీమా చేయదగిన ఆసక్తి ఉన్నట్లు. భార్యాభర్తలకు ఒకరి ప్రాణంపై మరొకరికి ఇది ఉంటుంది. అప్పు ఇచ్చినవారికి అప్పు తీసుకున్నవారిపై, బాకీ మేరకు ఉంటుంది. ఇక ప్రశ్న ఇలా రావచ్చు: జీవిత బీమాలో ఈ ఆసక్తి ఎప్పుడు ఉండాలి? పాలసీ తీసుకునే సమయంలో ఉంటే చాలు, క్లెయిమ్ నాటికి ఉండనవసరం లేదు. అగ్ని బీమాలో అలా కాదు. పాలసీ తీసుకున్నప్పుడూ ఉండాలి, నష్టం జరిగినప్పుడూ ఉండాలి. ఇల్లు అమ్మేసినవారు ఆ తరువాత ఇల్లు కాలిపోతే పరిహారం అడగలేరు.

రెండవది మానవ జీవిత విలువ. ఒకరికి ఎంత మొత్తానికి బీమా అవసరమో లెక్కవేసే పద్ధతుల్లో ఇదొకటి. ఒక వ్యక్తి ఏడాదికి 3,00,000 రూపాయలు సంపాదిస్తాడనుకోండి. అందులో తన సొంత ఖర్చు 60,000. మిగిలిన 2,40,000 రూపాయలతో కుటుంబం గడుస్తుంది. అతడు లేనప్పుడు కుటుంబానికి ఏటా అంత మొత్తం రావాలంటే 8 శాతం వడ్డీపై ఎంత నిధి ఉండాలి? 2,40,000ను 8తో భాగించి 100తో గుణిస్తే 30,00,000 రూపాయలు వస్తుంది. అదే వ్యక్తికి 5,00,000 రూపాయల పాలసీ మాత్రమే ఇప్పించారనుకోండి. అదే వడ్డీపై ఏడాదికి వచ్చేది 40,000, నెలకు సుమారు 3,333 రూపాయలు. పాలసీ అమ్ముడయింది, ఏజెంటుకు కమీషను వచ్చింది, కాని ఆ కుటుంబానికి బీమా దాదాపు లేనట్లే. ఈ లెక్కలో ధరల పెరుగుదలను, జీతం పెరుగుదలను పరిగణించలేదు. కనుక ఇది స్థూలమైన అంచనా మాత్రమేనని కూడా గుర్తుంచుకోండి.

6. ఉత్తీర్ణత తరువాత: పన్నెండు నెలల గడువు

పరీక్షలో ఉత్తీర్ణులైనంత మాత్రాన ఏజెంటు అయినట్లు కాదు. ఉత్తీర్ణతా పత్రంతో సంస్థకు దరఖాస్తు ఇవ్వాలి. ఇందుకోసం సంస్థ నియమించిన అధికారి పత్రాలను పరిశీలించి, ఏజెన్సీ కోడ్ సంఖ్య, నియామక పత్రం, గుర్తింపు కార్డు ఇస్తారు. ఆ తరువాతే మీరు ఎవరినైనా పాలసీ కోసం కలవాలి.

మొదటిసారి నియామకం కోరేవారికి ఉత్తీర్ణతా పత్రం 12 నెలలు మాత్రమే చెల్లుతుంది. ఒక విద్యార్థిని 2024 జూలై 10న ఉత్తీర్ణత పత్రం పొందిందనుకుందాం. డిగ్రీ పరీక్షలు, ఇంటి పనుల వల్ల దరఖాస్తు వాయిదా వేసి 2025 ఆగస్టులో సంస్థకు వెళ్ళింది. పత్రం గడువు అప్పటికే తీరిపోయింది. ఆమె పరీక్ష మళ్ళీ రాయాలి. కాబట్టి ఏ సంస్థలో చేరాలో నిర్ణయించుకున్న తరువాతే పరీక్షకు కూర్చోవడం మంచిది.

7. నియామకం తరువాత: ప్రపోజల్ పత్రం దగ్గర

ఇప్పుడు మూడేళ్ళ గడువు లేదు, పునరుద్ధరణ లేదు. రద్దయ్యేదాకా లేదా మీరే వదులుకునేదాకా నియామకం కొనసాగుతుంది. అందువల్ల నిరంతర బాధ్యత అంటే ఇప్పుడు ప్రధానంగా ప్రవర్తనా నియమావళే. అందులోని అంశాలన్నీ వల్లించే బదులు ఒక్క సంఘటనలో వాటిని చూద్దాం.

ఆ విద్యార్థిని ఏజెంటు అయింది. 45 ఏళ్ళ బంధువు ఒకరు 10,00,000 రూపాయల పాలసీకి ఒప్పుకున్నారు. వార్షిక ప్రీమియం 42,000 రూపాయలు అనుకుందాం. ఆయన నాలుగేళ్ళుగా మధుమేహానికి మాత్రలు వాడుతున్నారు. పత్రంలో ఆరోగ్య ప్రశ్న రాగానే, "అది రాస్తే ప్రీమియం పెంచుతారమ్మా, లేదని రాయి" అన్నారు. వెంటనే మరో మాట: "నీ కమీషనులో కొంత మొదటి ప్రీమియంలో తగ్గించు."

ముందు రెండో మాట చూద్దాం. కమీషనులో వాటా ఇవ్వడం 41వ సెక్షను కింద నేరం. జరిమానా పది లక్షల రూపాయల వరకు ఉండవచ్చు. అడిగినవారు బంధువైనా జవాబు ఒక్కటే. కమీషను ఎంతో చెప్పమని అడిగితే మాత్రం చెప్పాలి, అది నియమావళిలోనే ఉంది.

మొదటి మాట ఇంకా బరువైనది. సమాచారం దాచేలా పాలసీదారును ప్రోత్సహించకూడదని నియమావళి చెబుతోంది. తన దృష్టికి వచ్చిన ప్రతికూల అంశాన్ని ఏజెంటు సంస్థకు నివేదించాలి కూడా. "లేదు" అని రాస్తే ఏమవుతుందో 45వ సెక్షను చెబుతుంది. పాలసీ జారీ, రిస్కు ప్రారంభం, పునరుద్ధరణ, రైడరు చేర్చడం, వీటిలో చివరిగా జరిగినదాని తేదీ నుంచి మూడేళ్ళు గడిస్తే సంస్థ ఏ కారణంతోనూ పాలసీని ప్రశ్నించలేదు. మూడేళ్ళలోపు అయితే ప్రశ్నించగలదు. ఆ బంధువు 20వ నెలలో మరణించారనుకోండి. రెండు ప్రీమియాలు, అంటే 84,000 రూపాయలు కట్టారు. పాత మందుల చీటీలు సంస్థ విచారణలో దొరికాయి. అది మోసం కాదు, ముఖ్యమైన విషయాన్ని దాచడం మాత్రమే అని తేలితే కట్టిన ప్రీమియాలను 90 రోజుల్లో తిరిగి ఇస్తారు. అంటే పది లక్షలకు బదులు 84,000. మోసం అని తేలితే ఆ 84,000 తిరిగి వస్తుందన్న హామీ కూడా ఉండదు. మోసం ఉద్దేశం లేదని నిరూపించే భారం అప్పుడు బతికి ఉన్న కుటుంబంపైనే పడుతుంది.

ఉన్నది ఉన్నట్లు రాస్తే ఏమి జరిగేది? సంస్థ వైద్య పరీక్ష కోరవచ్చు. కొంత అదనపు ప్రీమియం వేయవచ్చు. ఒక్కోసారి పాలసీ నిరాకరించవచ్చు కూడా. కాని పాలసీ ఇస్తే మధుమేహం ఉందన్న కారణంతో ఆ క్లెయిమును కాదనలేదు. ఏజెంటు ఆ బంధువుకు చెప్పవలసింది ఈ తేడానే. అంకెలతో చెబితే చాలామంది వింటారు.

ఇక్కడే మరో నియమం ప్రాధాన్యం తెలుస్తుంది. ప్రీమియం గడువును పాలసీదారుకు గుర్తు చేయాలని నియమావళి కోరుతుంది. వార్షిక ప్రీమియానికి సాధారణంగా 30 రోజులు, నెలవారీ ప్రీమియానికి 15 రోజులు అదనపు గడువు ఉంటుంది. అది దాటితే పాలసీ ల్యాప్స్ అవుతుంది. తరువాత పునరుద్ధరించుకోవచ్చు. కాని పునరుద్ధరించిన తేదీ నుంచి మూడేళ్ళ లెక్క మళ్ళీ మొదలవుతుంది. ఒక ఫోను చేసి గుర్తు చేయకపోవడం వల్ల పాలసీదారు కోల్పోయే రక్షణ ఇది.

నామినీ పేరు నమోదు చేయించడం, చిరునామా మారితే సంస్థకు తెలియజేయించడం, క్లెయిమ్ సమయంలో కుటుంబానికి పత్రాల విషయంలో తోడ్పడడం కూడా ఏజెంటు విధులే. క్లెయిమ్ డబ్బులో వాటా అడగడం నిషిద్ధం. ఉన్న పాలసీని బలవంతంగా ఆపించి, మూడేళ్ళలోపు కొత్త పాలసీ తీయించడం కూడా నిషిద్ధమే. కొత్త పాలసీతో కమీషను మళ్ళీ మొదలవుతుంది, పాలసీదారుకు మూడేళ్ళ లెక్క కూడా మళ్ళీ మొదలవుతుంది. ఎవరికి లాభమో, ఎవరికి నష్టమో మీరే గ్రహించవచ్చు.

8. సంస్థ మారడం, రద్దు

వేరే జీవిత బీమా సంస్థకు మారాలనుకునే ఏజెంటు ముందు నియామక పత్రాన్ని, గుర్తింపు కార్డును అప్పగించి రాజీనామా చేయాలి. సంస్థ 15 రోజుల్లో విరమణ పత్రం ఇవ్వాలి. ఆ పత్రం తేదీ నుంచి 90 రోజులు గడిచాకే కొత్త సంస్థ దరఖాస్తును పరిశీలిస్తుంది. విరమణ పత్రం మార్చి 1న వస్తే, మే 30 దాకా ఆగాలన్నమాట. ఈ వ్యవధిలో ఎవరికీ పాలసీ రాయించకూడదు.

నియమావళిని ఉల్లంఘించిన ఏజెంటుకు సంస్థ సంజాయిషీ నోటీసు ఇచ్చి, విచారించి, నియామకాన్ని నిలిపివేయవచ్చు లేదా రద్దు చేయవచ్చు. ఆ నిర్ణయంపై సంస్థలోని అప్పీలు అధికారికి విన్నవించుకోవచ్చు. రద్దయిన వ్యక్తి ఐదేళ్ళ దాకా మళ్ళీ దరఖాస్తు చేయకూడదు.

9. సారాంశం

ఏజెంటును ఇప్పుడు బీమా సంస్థ నియమిస్తుంది, నియమాలను ఐ.ఆర్.డి.ఎ.ఐ. నిర్దేశిస్తుంది. 18 ఏళ్ళ వయస్సు, పదో తరగతి, పాన్, శిక్షణ, ఐ.సి. 38 పరీక్షలో 35 శాతం మార్కులు కావాలి. ఉత్తీర్ణతా పత్రం మొదటి నియామకానికి 12 నెలలు చెల్లుతుంది. తరువాత నియామకం నిలిచేది ప్రవర్తనా నియమావళిపైనే. అందులో అత్యంత కీలకమైనది ప్రపోజల్ పత్రంలో నిజం రాయించడం.

10. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఒక వ్యక్తి వార్షికాదాయం 4,20,000, సొంత ఖర్చు 1,00,000 రూపాయలు. వడ్డీ 8 శాతమైతే మానవ జీవిత విలువ ఎంత?
2. 2021 జూన్ 5న జారీ అయిన పాలసీ ల్యాప్స్ అయి, 2023 ఆగస్టు 20న పునరుద్ధరణ పొందింది. 45వ సెక్షను కింద మూడేళ్ళు ఎప్పటికి పూర్తవుతాయి?
3. ఒక జీవిత బీమా ఏజెంటు మరో జీవిత బీమా సంస్థకు కూడా ఏజెంటుగా పనిచేయవచ్చా? ఆరోగ్య బీమా సంస్థకు?

జవాబులు: 1. 3,20,000ను 8తో భాగించి 100తో గుణిస్తే 40,00,000 రూపాయలు. 2. పునరుద్ధరణ తేదీ నుంచి లెక్కించాలి, కనుక 2026 ఆగస్టులో. 3. మరో జీవిత బీమా సంస్థకు కూడదు. ఆరోగ్య బీమా పరీక్షలో ఉత్తీర్ణత పొంది, ఒక ఆరోగ్య బీమా సంస్థకు పనిచేయవచ్చు.

11. మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. 2015 సవరణకు ముందు, తరువాత ఏజెంటు నియామక పద్ధతిలోని తేడాలను వివరించండి.
2. ప్రపోజల్ పత్రంలో ఆరోగ్య సమాచారం దాచడం వల్ల పాలసీదారు కుటుంబానికి కలిగే నష్టాన్ని 45వ సెక్షను ఆధారంగా ఉదాహరణతో చర్చించండి.
3. పాలసీ ల్యాప్స్ కాకుండా చూడడంలో ఏజెంటు బాధ్యత ఏమిటి?